పంపిన మెయిల్ ఒకటి, సెంట్ ఫోల్డర్లు మూడు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసు ఉందనుకుందాం. అందరూ వాడేది ఒకే మెయిల్ అడ్రస్. యజమాని దాన్ని ఐఫోన్లో చూస్తాడు, ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే గుమాస్తా కంప్యూటర్లో థండర్‌బర్డ్ వాడతాడు, అకౌంట్స్ చూసే ఆవిడ దగ్గర ఔట్‌లుక్ ఉంది. ఒక రోజు ఉదయం యజమాని అడుగుతాడు: "చెన్నై పార్టీకి రేటు పంపావా?"

"నిన్న సాయంత్రమే పంపానండీ" అంటాడు గుమాస్తా.

యజమాని ఫోన్లో సెంట్ ఫోల్డర్ తెరిచి చూస్తే అందులో ఆ మెయిల్ లేదు. పంపలేదేమోనని ఆయనే ఇంకో మెయిల్ కొడతాడు, ఆ రోజు రేటుతో. చెన్నైలో ఉన్నాయనకు పన్నెండు గంటల తేడాతో రెండు రేట్లు అందుతాయి. సహజంగా ఆయన తక్కువ రేటునే పట్టుకుని కూర్చుంటాడు.

ఇక్కడ గుమాస్తా అబద్ధం చెప్పలేదు, మెయిల్ దారిలో పోనూలేదు. పంపిన మెయిల్ కాపీ వేరే ఫోల్డర్‌లో పడింది, అంతే. వెబ్‌మెయిల్ తెరిచి ఎడమవైపు వరస చూస్తే ఒకదాని కింద ఒకటి `Sent`, `Sent Items`, `Sent Messages` అని మూడు కనిపిస్తాయి. గుమాస్తా మెయిల్స్ మొదటిదాన్లో, అకౌంటెంట్‌వి రెండోదాన్లో, యజమానివి మూడోదాన్లో ఉంటాయి. ఎవరు చూసినా వాళ్లు పంపినవే కనిపిస్తాయి, పక్కవాళ్లు పంపినవి కనిపించవు.

కొన్ని ఆఫీసుల్లో తీరు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఫోల్డర్ ఒక్కటే, కానీ పంపిన ప్రతి మెయిలూ అందులో రెండేసి సార్లు కనిపిస్తుంది. ఈ రెండు తలనొప్పులూ పుట్టేది ఒకే చోట. దాన్ని తెలుసుకుంటే రెండింటినీ మనమే సరిచేసుకోవచ్చు.

పంపడం ఒక పని, దాచుకోవడం ఇంకో పని

'సెండ్' నొక్కగానే మెయిల్ వెళ్లిపోతుందని, వెళ్తూ వెళ్తూ దాని కాపీ సెంట్ ఫోల్డర్‌లో దానంతటదే పడుతుందని మనం అనుకుంటాం. నిజానికి అవి రెండు వేర్వేరు పనులు. చేసే పద్ధతులు కూడా వేరు.

మెయిల్‌ను బయటికి పంపే పద్ధతి పేరు ఎస్ఎంటీపీ. దీని నియమావళి 1982లో వచ్చింది. ఉత్తరం తీసుకుని చేరవేయడమే దాని పని. సెంట్ ఫోల్డర్ అనేదొకటి ఉంటుందని కూడా దానికి తెలియదు. సర్వర్లో ఉన్న మెయిల్స్‌ను ఫోల్డర్లుగా చూపించే పద్ధతి ఐమాప్. మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో స్టాన్‌ఫర్డ్‌లో దీనికి శ్రీకారం చుట్టారు. ఈ రెండింటికీ మధ్య నేరుగా లంకె ఏమీ లేదు.

అందుకని మన మెయిల్ సాఫ్ట్‌వేరే రెండు పనులూ చేస్తుంది. ముందు ఎస్ఎంటీపీ ద్వారా మెయిల్ పంపుతుంది. తర్వాత అదే మెయిల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఐమాప్ ద్వారా మళ్లీ సర్వర్‌కు ఎక్కించి, 'దీన్ని ఫలానా ఫోల్డర్‌లో పెట్టు' అని చెబుతుంది. టైప్‌రైటర్ల రోజుల్లో ఉత్తరం కింద కార్బన్ పెట్టి ఆఫీస్ కాపీ తీసేవారు. ఉత్తరం పోస్టులో వేయడం, ఆ కాపీని ఫైల్లో పెట్టడం వేర్వేరు పనులుగా ఉండేవి. ఫైలు మారితే పోస్ట్‌మ్యాన్‌ది తప్పు కాదు. ఇక్కడా అంతే.

పెద్ద అటాచ్‌మెంట్ పంపినప్పుడు ఈ రెండు పనులూ కంటికి కనిపిస్తాయి. ఆరు ఎంబీల పీడీఎఫ్‌ను మెయిల్లో పెట్టడానికి అక్షరాల రూపంలోకి మార్చేసరికి అది ఎనిమిది ఎంబీల దాకా ఉబ్బుతుంది. అది ఒకసారి పంపడానికి, ఇంకోసారి దాచడానికి పైకి ఎక్కాలి. అంటే మొత్తం పదహారు ఎంబీలు. నెట్ నెమ్మదిగా ఉన్న చోట థండర్‌బర్డ్‌లో మెయిల్ వెళ్లిపోయాక కూడా కిటికీ మూసుకోకుండా కాపీ చేస్తున్నానంటూ తిరుగుతూ ఉండేది ఈ రెండో పని వల్లే.

కాబట్టి మెయిల్ పెట్టె ముందు కూర్చున్నప్పుడు వేసుకోవాల్సినవి రెండే ప్రశ్నలు: కాపీని రాస్తున్నది ఎవరు? ఎక్కడ రాస్తున్నారు? రాసేవాళ్లు ఒక్కరే ఉండి చోట్లు పెరిగితే మెయిల్స్ చెల్లాచెదురవుతాయి. చోటు ఒక్కటే ఉండి రాసేవాళ్లు ఇద్దరైతే ప్రతి మెయిలూ రెండు అవుతుంది.

చోట్లు ఎందుకు పెరిగాయి?

ఐమాప్‌లో ముందే ఖాయం చేసిన ఫోల్డర్ పేరు ఒక్కటే, ఇన్‌బాక్స్. పంపినవాటి ఫోల్డర్‌కు ఏ పేరు ఉండాలో ఆ నియమావళి చెప్పలేదు. దాంతో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. థండర్‌బర్డ్ `Sent` అంది. మైక్రోసాఫ్ట్ `Sent Items` అంది. యాపిల్ `Sent Messages` అంది. జీమెయిల్‌ను ఐమాప్‌లో చూస్తే `[Gmail]/Sent Mail` అని ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు తన అలవాటు పేరు సర్వర్లో కనిపించకపోతే, అడక్కుండానే ఆ పేరుతో కొత్త ఫోల్డర్ తయారుచేసేది. మన గుంటూరు ఆఫీసులో మూడు ఫోల్డర్లు అలా పుట్టినవే.

దీనికి 2011లో ఒక మందు కనిపెట్టారు. ఫోల్డర్ పేరు ఏదైనా సరే, 'పంపినవి ఇందులోనే' అని సర్వర్ దానికొక గుర్తు తగిలిస్తుంది. సాఫ్ట్‌వేర్ పేరును వదిలేసి ఆ గుర్తును చూసుకుంటే చాలు. ఆ గుర్తు `\Sent`. మన ఆఫీసు సర్వర్‌ను ఫోల్డర్ల జాబితా అడిగితే ఇలా జవాబిస్తుంది:

```
* LIST (\HasNoChildren \Sent) "." "INBOX.Sent"
* LIST (\HasNoChildren) "." "INBOX.Sent Items"
* LIST (\HasNoChildren) "." "INBOX.Sent Messages"
```

మొదటి వరసలో బ్రాకెట్ల మధ్య ఆ గుర్తు ఉంది, మిగతా రెండింటికీ లేదు. అంటే సర్వర్ దృష్టిలో అసలైన సెంట్ ఫోల్డర్ మొదటిదే. మిగతావి పేరుకు అలా ఉన్నా మామూలు ఫోల్డర్లే. ముందున్న `INBOX.` చూసి కంగారు పడనక్కర్లేదు. చాలా హోస్టింగ్ కంపెనీల సర్వర్లలో అన్ని ఫోల్డర్లూ ఇన్‌బాక్స్ కింద ఉన్నట్టుగా లెక్క, అందుకే ఆ ముందుమాట.

మందు ఉన్నా జబ్బు పూర్తిగా పోలేదు. 2011కి ముందు పెట్టిన అకౌంట్లలో పాత అమరికే అలా కొనసాగుతోంది. హోస్టింగ్ కంపెనీ మారినప్పుడు పాత ఫోల్డర్లన్నీ అదే పేర్లతో కొత్త సర్వర్‌కు వచ్చేస్తాయి. కొన్ని సర్వర్లే రెండు ఫోల్డర్లకు గుర్తు పెడతాయి. హోస్టింగ్ కంపెనీలు ఎక్కువగా వాడే డవ్‌కాట్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా అమరికలో `Sent`, `Sent Messages` రెండింటికీ ఈ గుర్తు ఉంటుంది. రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి కాబట్టి రెండింటినీ ఒప్పుకుందామని వాళ్ల ఉద్దేశం. అప్పుడు ఏది పట్టుకోవాలన్నది సాఫ్ట్‌వేర్ ఇష్టం.

రాసేవాళ్లు ఇద్దరెలా అయ్యారు?

ఇప్పుడు రెండేసి కాపీల సంగతి. ఎస్ఎంటీపీకి సెంట్ ఫోల్డర్ సంగతి తెలియదన్నాం కదా. కొన్ని పెద్ద సంస్థలు తమ సర్వర్లకు ఆ తెలివి విడిగా నేర్పాయి. జీమెయిల్ సర్వర్ ద్వారా ఏ సాఫ్ట్‌వేర్‌తో మెయిల్ పంపినా, సర్వరే ఒక కాపీ తీసి సెంట్ ఫోల్డర్‌లో వేసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ 365 కూడా మామూలుగా అదే చేస్తుంది. అక్కడ సర్వర్ కాపీ వేశాక థండర్‌బర్డ్ తన అలవాటు ప్రకారం ఇంకో కాపీ ఎక్కిస్తే ఒక మెయిలుకు రెండు కాపీలవుతాయి. కాలేజీలూ కంపెనీలూ ఇచ్చే మైక్రోసాఫ్ట్ మెయిల్‌ను థండర్‌బర్డ్‌లో పెట్టుకున్నవాళ్లకు ఇది బాగా అనుభవం. జీమెయిల్ అయితే ఒకే మెయిల్ రెండుసార్లు వచ్చిందని గుర్తుపట్టి చాలాసార్లు ఒక్కటే చూపిస్తుంది. అయినా మన నెట్ మాత్రం రెండుసార్లు ఖర్చవుతుంది. అందుకే జీమెయిల్ అకౌంట్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నప్పుడు పంపిన మెయిల్ కాపీని సర్వర్లో దాచే ఆప్షన్ పెట్టుకోవద్దని గూగుల్ సలహా.

రెండు కాపీలకు ఇంకో దారి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ కాపీ ఎక్కించింది, సర్వర్ తీసుకుంది, కానీ 'అందింది' అన్న జవాబు తిరిగి వచ్చేలోపే నెట్ తెగిపోయింది. అందలేదేమోనని సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తుంది. ఇలా వచ్చినవి ఎప్పుడో ఒకటీ అరా ఉంటాయి. ప్రతి మెయిలూ రెండుగా ఉంటే మాత్రం ఇది కారణం కాదు, రాసేవాళ్లు ఇద్దరున్నారనే అర్థం.

ముందు పరీక్ష, తర్వాతే మార్పులు

సెట్టింగుల్లో చెయ్యి పెట్టకముందు ఎవరు ఎక్కడ రాస్తున్నారో తేల్చుకోవాలి. దానికి వెబ్‌మెయిలే సాక్షి. ఫోన్లో, కంప్యూటర్లో కనిపించేది ఆ సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకున్న బొమ్మ. బ్రౌజర్లో వెబ్‌మెయిల్ తెరిస్తే సర్వర్లో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

మన ఆఫీసులో మూడు పరికరాల నుంచీ ఒక్కొక్క మెయిల్ వేరే సొంత అడ్రస్‌కు పంపాలి. సబ్జెక్టులో 'పరీక్ష ఫోన్', 'పరీక్ష థండర్‌బర్డ్', 'పరీక్ష ఔట్‌లుక్' అని రాస్తే తర్వాత గుర్తుపట్టడం తేలిక. రెండు నిమిషాలు ఆగి వెబ్‌మెయిల్లో అన్ని ఫోల్డర్లూ చూడాలి. ఏ పరికరం ఏ ఫోల్డర్‌లో రాస్తోందో అప్పుడే తేలిపోతుంది. ఏదైనా పరీక్ష మెయిల్ ఎక్కడా కనిపించకపోతే దాని కాపీ ఆ పరికరంలోనే ఉండిపోతోందన్నమాట.

రెండేసి కాపీలు వస్తున్నవాళ్లకు పరీక్ష ఇంకోలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్లో కాపీ దాచే ఆప్షన్‌కు టిక్ తీసేసి ఒక మెయిల్ పంపండి. అయినా వెబ్‌మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో కాపీ కనిపిస్తే సర్వరే దాచుకుంటోందని రుజువైనట్టే. ఆ టిక్ ఇక అలాగే వదిలేయండి. కాపీ కనిపించకపోతే సర్వర్‌కు ఆ అలవాటు లేదని అర్థం, వెంటనే టిక్ మళ్లీ పెట్టేయండి. లేకపోతే ఆ రోజు నుంచి పంపినవేవీ మిగలవు.

పాత జంట కాపీల్లో ఏది ఎవరు రాసిందో కూడా కనిపెట్టవచ్చు. థండర్‌బర్డ్‌లో మెయిల్ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కితే దాని మూలరూపం కనిపిస్తుంది. రెండింటిలోనూ `Message-ID:` అనే వరస ఒకటే అయితే అవి ఒకే మెయిల్ తాలూకు రెండు కాపీలు. ఆ వరసలు వేరుగా ఉంటే మాత్రం నిజంగానే రెండుసార్లు పంపారన్నమాట, అది వేరే సంగతి. ఇక పైభాగంలో `Received:` అనే వరస ఉందేమో చూడండి. మెయిల్ ఏ సర్వర్ చేతిలో పడినా అది ఆ ముద్ర వేస్తుంది. సాఫ్ట్‌వేర్ నేరుగా ఫోల్డర్‌లో పెట్టిన కాపీ ఎవరి చేతిలోనూ పడలేదు కాబట్టి సాధారణంగా దానికా ముద్ర ఉండదు.

ఒక్కొక్క పరికరంలో సరిచేయడం

మన గుంటూరు ఆఫీసులో పరీక్ష ఫలితం ముందే ఊహించిందే: మూడు పరికరాలు, మూడు ఫోల్డర్లు. సర్వర్ తనంతట తాను కాపీ వేయడం లేదు. ఇక ఒక ఫోల్డర్‌ను ఖాయం చేసుకోవాలి. సర్వర్ గుర్తు ఉన్న `Sent` అయితే మేలు. రేపు కొత్త ఫోన్ కొన్నా అది ఆ గుర్తు చూసి అక్కడికే వస్తుంది.

థండర్‌బర్డ్‌తో మొదలుపెడదాం. `Account Settings` తెరిచి, ఎడమవైపు మన అడ్రస్ కింద ఉన్న `Copies & Folders` నొక్కాలి. అక్కడ `Place a copy in` అనే టిక్ ఉంటుంది. దాని కింద రెండు దారులున్నాయి. మొదటిది అకౌంట్ పేరు ఎంచుకునేది, అది ఆ అకౌంట్లోని `Sent` ఫోల్డర్‌కు తీసుకెళ్తుంది. రెండోది `Other`, దాంట్లో మనకు కావలసిన ఫోల్డర్‌ను మనమే చూపించవచ్చు. చాలామంది దగ్గర ఇక్కడ `Local Folders` అని ఎంపికై ఉంటుంది. అలా ఉంటే కాపీ ఆ కంప్యూటర్ దాటదు. అదే పేజీలో `Place replies in the folder of the message being replied to` అని ఇంకో టిక్ ఉంది. అది పెట్టి ఉంటే మనం ఇచ్చే జవాబులు సెంట్‌లో కాకుండా, వచ్చిన మెయిల్ ఉన్న ఫోల్డర్‌లోనే పడతాయి. కొత్తగా రాసినవి సెంట్‌లో ఉండి, జవాబులు మాత్రం ఇన్‌బాక్స్‌లో కనిపిస్తుంటే కారణం ఈ టిక్కే.

థండర్‌బర్డ్‌లో చాలామందికి కనబడని మూల ఇంకోటి ఉంది. ఒకే అకౌంట్ కింద రెండు మూడు పంపే అడ్రస్‌లు పెట్టుకుంటే, ఒక్కొక్కదానికీ వేరే కాపీ అమరిక ఉంటుంది. `Manage Identities` నొక్కి, ఒక్కొక్క అడ్రస్‌నూ తెరిచి, అందులోని `Copies & Folders` కూడా చూడాలి. ఒకటి సరిచేసి రెండోదాన్ని మరిచిపోతే, 'కొన్ని మెయిల్స్ మాత్రం పాత చోటికే పోతున్నాయి' అన్న ఫిర్యాదు మిగిలిపోతుంది.

ఐఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెయిల్ అకౌంట్ల జాబితాలో ఆ అకౌంట్ తెరవాలి. కొత్త వెర్షన్లలో ఈ జాబితా `Apps` కింద ఉన్న `Mail`లో ఉంటుంది. అకౌంట్ వివరాల్లో అడుగున `Advanced`, అందులో `Mailbox Behaviors`, అందులో `Sent Mailbox`. తెరవగానే పైన `On My iPhone` అని, కింద `On the Server` అని రెండు భాగాలు కనిపిస్తాయి. కింది భాగంలో `Sent` ఎంచుకుని వెనక్కి రావాలి. పై భాగంలో టిక్ ఉండి ఉంటే, అప్పటిదాకా పంపినవన్నీ ఆ ఫోన్లో మాత్రమే ఉన్నట్టు. ఆండ్రాయిడ్‌లో థండర్‌బర్డ్ వాడేవాళ్లకు అకౌంట్ సెట్టింగుల్లో `Folders` కింద సెంట్ ఫోల్డర్ ఎంచుకునే వీలుంది.

ఔట్‌లుక్ కాస్త మొండిది. 2010 వెర్షన్ దాకా సెంట్ ఫోల్డర్ ఏదో మనం చెప్పుకునే చోటు ఉండేది. 2013 నుంచి కంప్యూటర్ ఔట్‌లుక్‌లో ఆ ఎంపిక తీసేశారు, సర్వర్ పెట్టిన గుర్తును చూసి అదే తేల్చుకుంటుంది. సరిగా తేల్చుకోలేకపోతే ఫోల్డర్ పేరు పక్కన 'ఈ కంప్యూటర్లో మాత్రమే' అని చెప్పే `This computer only` కనిపిస్తుంది. అది కనిపించిందంటే పంపినవేవీ సర్వర్‌కు చేరడం లేదు. అప్పుడు చేయగలిగినవి రెండు. అకౌంట్ సెట్టింగుల్లో `Root folder path` అనే గడిలో `INBOX` అని రాసి చూడటం ఒకటి. ఫోల్డర్లన్నీ ఇన్‌బాక్స్ కింద ఉండే మన ఆఫీసు లాంటి సర్వర్లకు ఇది పనిచేస్తుంది. దానికీ లొంగకపోతే అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టడం రెండోది. అప్పుడు ఔట్‌లుక్ సర్వర్‌ను కొత్తగా అడిగి, గుర్తున్న ఫోల్డర్‌ను పట్టుకుంటుంది. తీసే ముందు 'ఈ కంప్యూటర్లో మాత్రమే' ఉన్న మెయిల్స్‌ను సర్వర్ ఫోల్డర్‌లోకి లాగి పెట్టడం మరవకూడదు. అకౌంట్‌తో పాటు అవి కూడా పోతాయి.

చివరిగా వెబ్‌మెయిల్. హోస్టింగ్ కంపెనీలు ఎక్కువగా ఇచ్చే రౌండ్‌క్యూబ్‌లో `Settings`, `Preferences`, `Special Folders` అని వెళ్తే సెంట్ ఫోల్డర్ ఎంపిక కనిపిస్తుంది. ఎవరైనా బ్రౌజర్ నుంచి పంపితే అదీ ఒక రాసేవాడే కాబట్టి దీన్నీ `Sent`కే కట్టాలి.

అన్నీ అయ్యాక పరీక్ష మెయిల్స్ మళ్లీ పంపాలి. మూడూ వెబ్‌మెయిల్లో `Sent`లోనే, ఒక్కొక్కటే కనిపిస్తే అమరిక కుదిరినట్టు.

పాతవాటిని ఒక చోటికి చేర్చడం

ఇక ఏళ్ల తరబడి చెల్లాచెదురైన పాత మెయిల్స్. ఈ పని చివర్లోనే చేయాలి. అమరిక మార్చకుండా ముందుగా `Sent Messages` ఫోల్డర్‌ను ఖాళీ చేసి తీసేస్తే, ఐఫోన్ నుంచి తర్వాతి మెయిల్ వెళ్లగానే అది మళ్లీ పుట్టుకొస్తుంది. అమరిక, తరలింపు, తొలగింపు: వరస ఇదే.

తరలించే ముందు ఆ ఫోల్డర్లకు ఒక నకలు కంప్యూటర్లో తీసి పెట్టుకోవాలి. థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డర్లను `Local Folders`లోకి కాపీ చేస్తే చాలు. తర్వాత తప్పు ఫోల్డర్‌లోని మెయిల్స్‌ను కొన్ని వందల చొప్పున ఎంచుకుని `Sent`లోకి 'మూవ్' చేయాలి. వేల మెయిల్స్‌ను ఒకేసారి లాగితే మధ్యలో నెట్ తెగి సగం అటూ సగం ఇటూ మిగిలే ప్రమాదం ఉంది. ఒక విడత అయ్యాక వెబ్‌మెయిల్లో సంఖ్య చూసుకుని రెండో విడతకు వెళ్లాలి. ఫోల్డర్ పూర్తిగా ఖాళీ అయ్యిందని వెబ్‌మెయిల్లో చూసుకున్నాకే దాన్ని తీసేయాలి. ఒక పరికరంలో ఖాళీగా కనిపించడం సరిపోదు. ఆ పరికరం ఇంకా పాత జాబితానే చూపిస్తూ ఉండవచ్చు.

రెండేసి కాపీలు పేరుకున్న చోట ఏ కాపీని ఉంచాలో చూసుకోవాలి. థండర్‌బర్డ్ పంపేటప్పుడు బీసీసీ పేర్లను బయటికి వెళ్లే మెయిల్ నుంచి తీసేస్తుంది, తను దాచే కాపీలో మాత్రం ఉంచుతుంది. అందువల్ల సర్వర్ దాచిన కాపీలో బీసీసీలో ఎవరున్నారో కనిపించకపోవచ్చు. ఫలానా వాళ్లకు బీసీసీ పెట్టామని రేపు చూపించాల్సిన మెయిల్స్ ఉంటే, రెండు కాపీలూ తెరిచి చూసి, పేర్లున్న దాన్నే ఉంచండి. మిగతావాటికి జంటలను వెతికి తీసే యాడ్-ఆన్లు థండర్‌బర్డ్‌కు ఉన్నాయి. వాటిలో `Message-ID` ఆధారంగా పోల్చేలా పెట్టుకోవాలి. సబ్జెక్టు, తేదీ చూసి మాత్రమే పోల్చితే ఒకే రోజు ఒకే సబ్జెక్టుతో వేరు వేరు పార్టీలకు పంపిన కొటేషన్లను కూడా జంటలనుకుని తీసేస్తుంది.

జీమెయిల్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. అక్కడ ఫోల్డర్లు లేవు, లేబుళ్లే ఉన్నాయి. ఒకే మెయిల్ `Sent Mail`లోనూ `All Mail`లోనూ కనిపిస్తే అవి రెండు కాపీలు కావు, ఒకే మెయిల్‌కు రెండు కిటికీలు. జంటలనుకుని `All Mail`లో తుడిచేస్తే అసలు మెయిల్ కూడా పోయే ప్రమాదం ఉంది.

'కాపీ పడలేదు' అంటే 'మెయిల్ వెళ్లలేదు' అని కాదు

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టం చేసేది ఒక చిన్న హెచ్చరిక పెట్టె. థండర్‌బర్డ్ మెయిల్ పంపేశాక కాపీని సెంట్ ఫోల్డర్‌లో పెట్టలేకపోతే, మెయిల్ వెళ్లింది కానీ కాపీ పెట్టలేకపోయానని చెబుతుంది. మళ్లీ ప్రయత్నించమంటారా, ఈ కంప్యూటర్లోనే దాచమంటారా అని అడుగుతుంది. తొందరలో ఉన్నవాళ్లకు ఎర్రర్ వచ్చిందన్న సంగతి ఒక్కటే తలకెక్కుతుంది. పెట్టె మూసేసి మెయిల్ మళ్లీ పంపుతారు. అవతలివాళ్లకు ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు చేరుతుంది.

ఆ పెట్టె కనిపించినప్పుడు మళ్లీ ప్రయత్నించమంటే కాపీ దాచే పని మాత్రమే మళ్లీ జరుగుతుంది, మెయిల్ మళ్లీ వెళ్లదు. నెట్ బాగాలేకపోతే కంప్యూటర్లో దాచుకుని, తర్వాత సెంట్‌లోకి లాగుకోవచ్చు. ఇదే ఎర్రర్ పదే పదే వస్తుంటే రెండు చోట్ల చూడాలి. అమరికలో చూపించిన ఫోల్డర్‌ను ఎవరో తీసేసి ఉండవచ్చు. లేదా మెయిల్ పెట్టె నిండిపోయి ఉండవచ్చు. నిండిన పెట్టె నుంచి మెయిల్ బయటికి వెళ్తుంది, కాపీ పెట్టుకోవడానికే చోటుండదు. ఒక జీబీ పెట్టెలో ఎనిమిది ఎంబీల మెయిల్స్ రెండేసి కాపీలు పడుతుంటే అరవై నాలుగు మెయిల్స్‌కే అది నిండుతుంది.

సరిచేసినా తిరిగి రానివి

అమరిక మార్చితే మారేది ఆ రోజు నుంచే. గతంలో `On My iPhone`లో పడినవి ఆ ఫోన్లో ఉన్నంత వరకే ఉంటాయి. ఫోన్ మార్చే ముందు వాటిని సర్వర్ ఫోల్డర్‌లోకి తరలించకపోతే అంతే సంగతులు. పాత పీఓపీ పద్ధతిలో పెట్టిన అకౌంట్లలో సెంట్ ఫోల్డర్ సర్వర్‌కు ఎప్పుడూ చేరదు. అక్కడ ఫోల్డర్ ఎంపిక మార్చినంత మాత్రాన ప్రయోజనం ఉండదు, అకౌంట్‌నే ఐమాప్‌కు మార్చుకోవాలి. కాపీ దాచే టిక్ తీసేసి ఉన్న రోజుల్లో పంపినవి మన దగ్గర ఎక్కడా ఉండవు. అవసరమైతే అవతలివాళ్లనే అడిగి తెప్పించుకోవాలి.

గుంటూరు ఆఫీసులో ఇప్పుడు ఫోల్డర్ ఒక్కటే. గుమాస్తా సాయంత్రం పంపిన రేటు యజమాని ఫోన్లో వెంటనే కనిపిస్తుంది. అయితే ఈ అమరిక సర్వర్లో ఉండదు, ఒక్కొక్క పరికరంలో విడివిడిగా ఉంటుంది. అకౌంటెంట్ కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నా, యజమాని ఫోన్ మార్చినా కొత్తగా ఒక రాసేవాడు వచ్చినట్టే. కాబట్టి ఆ పరికరం నుంచి పార్టీలకు మొదటి మెయిల్ వెళ్లకముందే ఒక పరీక్ష మెయిల్ పంపి, వెబ్‌మెయిల్లో అది ఎక్కడ పడిందో, ఎన్ని పడ్డాయో చూసుకోవాలి.